పిల్లల గేమింగ్ ఖాతాలో పుట్టిన తేదీ: మైన్‌క్రాఫ్ట్, ఎక్స్‌బాక్స్ ఆడే ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండి తీరాలి. ఫోన్‌లోనో టాబ్లెట్‌లోనో ఒంటరిగా ఆడుకునే పిల్లలు అది లేకుండా కొంతకాలం నెట్టుకురాగలరు గానీ, స్నేహితుల ప్రపంచంలోకి వెళ్లాలన్న రోజున వారికీ ఖాతా తెరవక తప్పదు. ఎక్స్‌బాక్స్‌లో ఆడేదీ ఇదే ఖాతాతోనే. ఆ ఖాతా తెరిచేటప్పుడు అడిగే నాలుగైదు వివరాల్లో పుట్టిన తేదీని చాలామంది తల్లిదండ్రులు అన్నిటికంటే తక్కువగా పట్టించుకుంటారు. నిజానికి పిల్లవాడు ఎవరితో మాట్లాడవచ్చు, ఏ ఆట తెరవవచ్చు, డబ్బు ఖర్చు పెట్టవచ్చా, తల్లిదండ్రులు వేసిన హద్దులు ఆ ఖాతాకు వర్తిస్తాయా లేదా అన్నవన్నీ ఆ ఒక్క తేదీ నుంచే నిర్ణయమవుతాయి. కాబట్టి ముందుగా తేదీని సరిగా వేసి ఖాతా తెరిచే పద్ధతిని, ఆపైన తప్పు పడినప్పుడు కనిపించే లక్షణాలను, సరిదిద్దే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఇతర కంపెనీల ఖాతాల్లో మీటలు వేరుగా ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లడం లేదు.

తేదీని ఎందుకంత గట్టిగా అడుగుతారు

అమెరికాలో 1998లో వచ్చిన పిల్లల ఆన్‌లైన్ గోప్యతా చట్టం, 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని చెబుతుంది. ఎక్స్‌బాక్స్ ఖాతాల నమోదులో ఈ చట్టాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టగా, 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. తనకు 13 ఏళ్లు నిండలేదని పిల్లవాడు చెప్పిన తర్వాత కూడా అతని ఫోన్ నంబరు అడిగారన్నది అందులో ఒక అభియోగం. తల్లిదండ్రులు మధ్యలో వదిలేసిన నమోదుల వివరాలను 14 రోజులకు మించి ఉంచకూడదన్నది ఆ కంపెనీ విధానమే అయినా, అవి ఏళ్ల తరబడి నిల్వ ఉండిపోయాయన్నది మరొకటి. ఈ నేపథ్యం తెలిస్తే, పిల్లవాడి తేదీ వేయగానే తెర ఆగిపోయి పెద్దవారిని పిలవమనడం ఎందుకో అర్థమవుతుంది. అక్కడ విసుగుపడి, వెనక్కి వెళ్లి, సంవత్సరాన్ని 1990గా మార్చేసి ముందుకు సాగడమే ఈ వ్యాసంలో చెప్పబోయే చిక్కుల్లో సగానికి మూలం.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మరింత కఠినంగా ఉంది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. వారి డేటాను వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించదగిన రీతిలో ఉండాలి. పిల్లలకు సంబంధించిన బాధ్యతల్లో తప్పిన సంస్థకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ఈ బాధ్యతలను దశలవారీగా అమల్లోకి తెస్తున్నాయి. అంటే ఇప్పటివరకు నోటిమాటగా తీసుకున్న వయసును రేపు ఆధారంతో చూపమనే అవకాశం పెరుగుతోందన్నమాట.

ఏ తేదీ వేయాలి

తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న వింతేమీ కాదు. ఇంట్లో జరుపుకునే పుట్టినరోజు ఒకటి, బడిలో చేర్చేటప్పుడు వేయించిన తేదీ ఇంకొకటి ఉండటం మనకు మామూలే. ఆధార్ కార్డులో కొందరికి పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. ఇలాంటి చోట నా సలహా ఒక్కటే: మున్సిపాలిటీగానీ పంచాయతీగానీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో ఏ తేదీ ఉందో అదే ఖాతాలోనూ వేయండి. అది పాస్‌పోర్టులోని తేదీతోనూ, ఆధార్‌లోని తేదీతోనూ కలుస్తుందో లేదో ఒకసారి చూసుకోండి. కలవకపోతే, ఎప్పుడైనా వయసు రుజువు అడిగితే మీరు చూపగలిగిన గుర్తింపు పత్రం ఏదో దానినే అనుసరించండి.

రోజు, నెల తారుమారు కావడం మరో పొరపాటు. మనం రోజును ముందు రాస్తాం, అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది. 2013 నవంబరు 3న పుట్టిన పాపకు 2013 మార్చి 11 అని పడితే ఖాతా దృష్టిలో ఆమె ఎనిమిది నెలలు పెద్దదవుతుంది. రోజువారీ ఆటలో ఈ తేడా కనిపించదు గానీ, ఏదైనా వయసు మెట్టు దాటేటప్పుడు హద్దులు అనుకున్నదానికంటే ఎనిమిది నెలల ముందే సడలిపోతాయి. అందుచేత నెలను అంకెగా గాక పేరుగా చూసి ఎంచుకోవాలి. సంవత్సరాన్ని వేలితో జరుపుతూ ఎంచుకోవలసి వస్తే, పేజీ దాటే ముందు ఆ నాలుగు అంకెలను పైకి చదివి చూడటం మంచిది.

ఖాతా తెరిచే క్రమం

మొదటి అడుగు పిల్లవాడి పరికరంలో కాదు, మీ కంప్యూటర్‌లో పడాలి. మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో `account.microsoft.com/family` పేజీలోకి వెళ్లండి. మీకు ఖాతా లేకపోతే ముందు మీ అసలు పుట్టిన తేదీతో ఒకటి తెరవండి, ఎందుకంటే అనుమతి ఇచ్చే వ్యక్తి పెద్దవారని ఆ తేదీయే చెబుతుంది. ఈ కుటుంబ బృందంలో మీతో కలిపి ఆరుగురు ఉండవచ్చు. అక్కడ `Add a family member` నొక్కి, పిల్లవాడికి కొత్త ఖాతా తెరిచే మార్గాన్ని ఎంచుకోండి. ఇలా మీ బృందం లోపలి నుంచి తెరిచిన ఖాతా మొదటి నుంచీ మీ పర్యవేక్షణలోనే ఉంటుంది. పిల్లవాడు విడిగా తెరుచుకున్నాక దానిని తెచ్చి కలపడం కంటే ఇది ఎంతో సులువు.

ఈమెయిల్ అడిగినప్పుడు పిల్లవాడి పేరుతో కొత్త `outlook.com` చిరునామా తీసుకోండి. మీ ఫోన్ నంబరుతో ఖాతా తెరవవద్దు. ఆ నంబరు మీ ఖాతాకూ ముడిపడి ఉంటే తర్వాత ఎవరి ఖాతాలోకి వెళుతున్నామో తెలియని గందరగోళం పుడుతుంది. బడివారు ఇచ్చిన ఐడీ కూడా ఇక్కడ పనికిరాదు: అది మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్‌లోకి తీసుకువెళుతుంది గానీ, బడి ఖాతాను కుటుంబ బృందంలో చేర్చడం కుదరదు.

ఆ తర్వాత దేశం, పుట్టిన తేదీ వస్తాయి. ఈ రెంటినీ కలిపి చూడాలి, ఎందుకంటే ఎన్నేళ్ల వరకు తల్లిదండ్రుల అనుమతి కావాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. పిల్లవాడు ఇప్పుడు నివసిస్తున్న దేశాన్నే ఎంచుకోండి. డాలస్‌లో ఉంటున్న కుటుంబం హైదరాబాద్‌లో తాతగారి కంప్యూటర్ మీద ఖాతా తెరిస్తే దేశం గడిలో భారతదేశం ముందుగానే నిండి ఉండవచ్చు. దానిని గమనించకపోతే, తర్వాత అమెరికాలో కొన్న గిఫ్ట్ కార్డు ఆ ఖాతాలో చెల్లదు.

తేదీ వేశాక మీ అనుమతి అడుగుతారు. కొన్ని దేశాల్లో మీరు పెద్దవారని నిరూపించడానికి కార్డు నుంచి చిన్న మొత్తం తీసుకుంటారు. అమెరికాలో అది 50 సెంట్లు. భారతీయ కార్డుతో ఇలాంటి చెల్లింపు అంతర్జాతీయ లావాదేవీగా వెళితే తిరస్కరించబడటం తరచుగా జరుగుతుంది. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నియమాల ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో అంతర్జాతీయ వాడకం ముందుగా తెరిచి ఉండదు, ఖాతాదారే తెరుచుకోవాలి. కార్డు చెల్లలేదని కంగారుపడి పిల్లవాడి వయసును పెంచేయకుండా, బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యాన్ని కాసేపు తెరిచి, పని కాగానే మూసేయండి.

అనుమతి పూర్తయ్యాక చివరి పని ఒకటుంది. పిల్లవాడి ఖాతా భద్రతా వివరాల్లో మీ ఈమెయిల్‌ను చేర్చండి. ఖాతాకు వేసిన తేదీ, దేశం, పేరు ఏ అక్షరాలతో రాశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. సంకేతపదం మరిచిపోయి, భద్రతా వివరాలూ అందుబాటులో లేనప్పుడు నింపే `account.live.com/acsr` పత్రం సరిగ్గా వీటినే అడుగుతుంది. కల్పిత తేదీతో తెరిచిన ఖాతాలు పోగొట్టుకున్నాక తిరిగి రాకపోవడానికి ఇదే ముఖ్య కారణం: రెండేళ్ల క్రితం తోచినట్టు వేసిన తేదీ ఎవరికి గుర్తుంటుంది?

తేదీ మరీ చిన్నదిగా పడితే

గుంటూరు నుంచి మాకు తెలిసిన ఒకావిడ ఫోన్ చేసి, “అన్నయ్యగారూ, మావాడు వాళ్ల ఫ్రెండ్స్ ఆడే దాంట్లోకి వెళ్లలేకపోతున్నాడండీ. నెట్ మార్చి చూశాం, గేమ్ తీసేసి మళ్లీ వేశాం, ఏం లాభం లేదు” అన్నారు. తెర మీద ఏముందో చదవమంటే ఇలా చదివారు:

```
Multiplayer is disabled. Please check your
Microsoft account settings.
```

ఈ వాక్యం కనిపించిందంటే ఇంటర్నెట్‌లోనూ ఆటలోనూ దోషం లేనట్టే. పిల్లల ఖాతాకు కలిసి ఆడే అనుమతి లేదని దాని అర్థం. ఫోన్‌లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ నడిచే మైన్‌క్రాఫ్ట్‌లో ఇదే విషయాన్ని, మీ మైక్రోసాఫ్ట్ ఖాతా అమరిక వల్ల ఆన్‌లైన్‌లో ఆడలేరు అన్న ధోరణిలో వేరే మాటలతో చెబుతుంది. వారి ఖాతా వివరాలు చూస్తే పుట్టిన సంవత్సరం 2016కు బదులు 2021 అని ఉంది. పిల్లవాడిని ఐదేళ్లు చిన్నవాణ్ణి చేసిన ఖాతా, చంటిపిల్లలకు ఇచ్చే హద్దులే ఇచ్చింది.

దీనికి రెండు మందులున్నాయి. `account.xbox.com/settings` పేజీలో `Privacy & online safety` విభాగానికి వెళ్లి, మీ ఖాతాతోనే పిల్లవాడి పేరు ఎంచుకుని, కలిసి ఆడేందుకు, ఇతరులతో మాట్లాడేందుకు ఉన్న అనుమతులను ఒక్కొక్కటిగా తెరవవచ్చు. ఇది వెంటనే పనిచేస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే తేదీ తప్పుగానే ఉంది కనుక, ఆటల వయసు పరిమితి మళ్లీ అడ్డం వస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌కు ఐరోపా వర్గీకరణలో 7, అమెరికా వర్గీకరణలో 10 ఏళ్ల గుర్తు ఉంది. ఖాతాలో పిల్లవాడి వయసు నాలుగని ఉంటే, విండోస్‌లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ ఆట తెరవబోయిన ప్రతిసారీ తల్లిదండ్రుల అనుమతి అడగవచ్చు.

కనుక ముందు తేదీని సరిచేసి, తర్వాత అనుమతులు చూడాలి. పిల్లవాడి ఖాతాతో `account.microsoft.com/profile` తెరిచి పుట్టిన తేదీని సవరించబోతే, పిల్లల ఖాతా తనంతట తాను వయసు పెంచుకోలేదు కాబట్టి పెద్దవారి అనుమతి కావలసి వస్తుంది. అందుకే ఈ పని పిల్లవాడు బడిలో ఉన్నప్పుడు కాకుండా, ఇద్దరి సంకేతపదాలూ చేతిలో ఉన్నప్పుడు పెట్టుకోవాలి. మార్పు పడ్డాక మైన్‌క్రాఫ్ట్ లాంచర్ నుంచి పూర్తిగా బయటికి వచ్చి మళ్లీ లాగిన్ కావాలి. పాత లాగిన్ అలాగే ఉంటే పాత హద్దులే కొంతసేపు కనిపించి, మార్పు పడలేదేమోనన్న అనుమానం కలుగుతుంది. గుంటూరువారి విషయంలోనూ ఆ చివరి లాగిన్‌తోనే పని పూర్తయింది.

తేదీ పెద్దవారిదిగా పడితే

ఇది నిశ్శబ్దంగా ఉండే తప్పు. ఏ హెచ్చరికా రాదు, ఆట హాయిగా నడుస్తుంది, అందుకే ఏళ్ల తరబడి బయటపడదు. తల్లిదండ్రులు సమయ పరిమితి పెట్టాలనుకున్న రోజున, కుటుంబ బృందంలో చేర్చినా ఆ ఖాతాకు వెబ్ వడపోతగానీ, కొనే ముందు అడిగే నియమంగానీ పెట్టడానికి వీలు కనిపించదు. ఖాతా దృష్టిలో అతను పెద్దవాడు. ఒక పెద్దవాడికి ఇంకొక పెద్దవాడు హద్దులు పెట్టలేడు.

ఉదాహరణకు ఒక ఇంటిని తీసుకుందాం. 2016లో పుట్టిన బాబు, తల్లి పుట్టిన సంవత్సరం 1987తో తెరిచిన ఖాతాలో ఆడుతున్నాడు. ఆ ఖాతాలో జావా ఎడిషన్ కొని ఉంది, తండ్రి కార్డు భద్రపరిచి ఉంది, ఇంటి ల్యాప్‌టాప్‌కు ఆ ఖాతాయే అడ్మినిస్ట్రేటర్. ఇక్కడ చాలామందికి తోచే ఆలోచన, ఈ ఖాతాను వదిలేసి సరైన తేదీతో కొత్తది తెరవడం. దానికి ముందు ఏమి పోతుందో చూసుకోవాలి. కొన్న ఆట ఖాతాకే అంటిపెట్టుకుని ఉంటుంది, కొత్త ఖాతాకు బదిలీ కాదు, మళ్లీ కొనాలి. స్నేహితుల సర్వర్లలో బాబు కూడబెట్టుకున్న సామగ్రి అంతా పాత ఖాతా గుర్తింపు మీదే ఉంటుంది. ఒక్కడే కట్టుకున్న ప్రపంచాలు మాత్రం ఎక్కడికీ పోవు, అవి కంప్యూటర్‌లోనే ఈ ఫోల్డర్‌లో ఉంటాయి:

```
%appdata%\.minecraft\saves
```

ఏమీ కొనని ఖాతా అయితే కొత్తది తెరవడమే సుఖం. ఆట కొని ఉంటే పాత ఖాతా తేదీనే దిద్దుకోవాలి. అయితే తేదీ మార్చడంతో మొదలుపెట్టకూడదు, ఎందుకంటే తేదీ మారిన మరుక్షణం అది పిల్లల ఖాతా అవుతుంది, పెద్దవారి అనుమతి వచ్చేదాకా నిలిచిపోతుంది. అందుకని ముందు ఆ ల్యాప్‌టాప్‌లో తల్లికో తండ్రికో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో వేరే ఖాతా పెట్టాలి. లేకపోతే ఇంటి కంప్యూటర్ మొత్తం పదేళ్లవాడి ఖాతా చేతిలో చిక్కుకుంటుంది. తర్వాత `saves` ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోవాలి. పోతుందని కాదు, తీసి ఉంచితే బాబు నిశ్చింతగా ఉంటాడు. ఆపైన బాబు ఖాతా చెల్లింపుల విభాగంలోకి వెళ్లి తండ్రి కార్డును తీసేయాలి, నెలనెలా డబ్బు తీసుకునే చందాలుంటే ఆపాలి.

భద్రతా వివరాలు చూసేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరు ఒక్కటే అక్కడ ఉంటే, దానిని అందుకోలేక మొత్తం వివరాలను కొత్తవాటితో మార్చవలసి వస్తుంది. అలా మారిస్తే 30 రోజులు ఆగాలి, ఆలోపు ముఖ్యమైన మార్పులు కుదరవు. సెలవుల మొదటి రోజున ఈ సంగతి తెలియడం కంటే పరీక్షల సమయంలోనే చూసుకోవడం మేలు.

ఇవన్నీ అయ్యాక `account.microsoft.com/profile` పేజీలో అసలు తేదీ వేయాలి. ఖాతా తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది, తల్లి తన సొంత ఖాతాతో ఆ అనుమతి ఇచ్చి, బాబును కుటుంబ బృందంలో సభ్యుడిగా చేర్చుకుంటుంది. తల్లి ఖాతాలో తేదీ కూడా సరిగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. చివరగా ఎక్స్‌బాక్స్ అనుమతుల పేజీని తెరిచి చూడాలి. నిన్నటిదాకా పెద్దవాడిగా తిరిగిన బాబుకు ఇప్పుడు కలిసి ఆడే అనుమతి మూసుకుని ఉండవచ్చు. అతను సాధారణంగా ఆడే స్నేహితుల వరకు తెరిచి, కొత్తవారిని స్నేహితులుగా చేర్చుకోవాలంటే మిమ్మల్ని అడిగేలా పెట్టండి. ఈ పని మరిచిపోతే, తేదీ దిద్దిన సాయంత్రమే పైన చెప్పిన `Multiplayer is disabled` వాక్యం ప్రత్యక్షమవుతుంది, బాబు దృష్టిలో అమ్మ ఆటను పాడుచేసినట్టవుతుంది. అందుకని ముందే అతనికి ఒక మాట చెప్పి ఉంచడం అవసరం.

తప్పు తేదీని ఇలాగే వదిలేద్దామనుకునే వారికి ఒక సంగతి. బ్రిటన్‌లో 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం వచ్చాక, అక్కడ 18 ఏళ్లు దాటినట్టు ఖాతాలో ఉన్న ఎక్స్‌బాక్స్ వాడుకదారులు తమ వయసును నిరూపించుకోవాలని మైక్రోసాఫ్ట్ 2025 జులైలో ప్రకటించింది. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబంలో పదేళ్ల పిల్లవాడి ఖాతాలో 1987 అని ఉంటే ఆ అభ్యర్థన అతనికే వస్తుంది. తల్లి తన గుర్తింపు పత్రం చూపి గట్టెక్కిస్తే, తప్పు తేదీకి ఈసారి ఆధారం కూడా తోడైనట్టవుతుంది, తర్వాత దిద్దుకోవడం మరింత కష్టమవుతుంది.

పని పూర్తయిందో లేదో చూసుకోవడం

తేదీ సరిపడినట్టు కాగితం మీద కనిపించడం చాలదు, మూడు చోట్ల పరీక్షించాలి. కుటుంబ పేజీలో పిల్లవాడి పేరు నొక్కితే సమయ పరిమితి, ఖర్చుల విభాగాలు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఖాతా ఇంకా పెద్దవారిదిగానే ఉంది. పిల్లవాడి ఖాతా నుంచి ఆటలో ఏదైనా చిన్న వస్తువు కొనడానికి ప్రయత్నిస్తే, కొనుగోలు జరగకుండా మీకు అభ్యర్థన రావాలి. అది రాకపోతే ఖర్చుల విభాగంలో `Ask to buy` మీట తెరిచి లేదన్నమాట. ఆఖరున, మీకు తెలిసిన ఇంటి పిల్లవాడి ప్రపంచంలోకి ఒకసారి చేరి చూడమనండి. చేరగలిగి, మాట్లాడలేకపోతే ఆడే అనుమతి ఒక్కటే తెరిచి, సంభాషణ అనుమతి మూసి ఉందని గుర్తించాలి. దానిని తెరవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పదేళ్లలోపు పిల్లలకైతే, స్నేహితులతో రాతలో మాట్లాడటం వరకే తెరిచి, గొంతుతో మాట్లాడేది ఇంట్లో పెద్దవారికి వినిపించేంత దూరంలో ఉన్నప్పుడే అనే నియమం పెట్టడం నాకు సమంజసంగా తోస్తుంది.